పాత పౌచ్ ఏ ఫోన్‌దో బెజ్జాలను బట్టి కనుక్కోవడం

ప్రశ్న: అన్నా, మాది కర్నూలు. తెలిసినాయన మొబైల్ షాపు తీసేస్తా ఒక సంచెడు పౌచ్‌లు ఇచ్చినాడు. అట్టల్లేవు, పేర్లు లేవు. ఒకదానికి ఎడమ పక్క నిలువుగా కెమెరా బెజ్జం, నడుమ గుండ్రటి బెజ్జం ఉంది. ఏ ఫోన్‌దో ఎట్ల తెలుస్తుంది?

జవాబు: ముందు పౌచ్ లోపలి వైపును వెలుతురుకు వాల్చి చూడండి. కొన్నింటికి మోడల్ పేరు సన్నటి ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటుంది. ఉంటే పని అయిపోయినట్టే.

లేకపోతే వీపు వైపు మీకు కనపడేలా, కెమెరా బెజ్జం పైకి ఉండేలా పట్టుకోండి. లోపలి నుంచి చూస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి, తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. ఫోన్‌ను ముందు నుంచి చూస్తే కుడి పక్కనుండే వాల్యూమ్, పవర్ బటన్లు వీపు నుంచి చూస్తే ఎడమకు వస్తాయి.

నడుమ బెజ్జం వేలిముద్ర సెన్సార్‌ది. నిలువు కెమెరాతో కలిపి చూస్తే, వేరే కంపెనీల్లోనూ ఇట్లాంటివి ఉన్నా, మొదట అనుమానించాల్సినవి 2018-19 నాటి రెడ్‌మీ నోట్ 5 ప్రో, నోట్ 6 ప్రో, నోట్ 7, ఎంఐ ఎ2. వీటి పొడవులు 158, 159 మి.మీ. దగ్గరే ఉంటాయి. మెత్తటి పౌచ్ సాగుతుంది కాబట్టి స్కేలు ఒక్కటే పెట్టి తేల్చలేరు. తేల్చేది ఇయర్‌ఫోన్ బెజ్జం.

అది కింద, ఛార్జింగ్ బెజ్జం పక్కన ఉంటే నోట్ 5 ప్రో. ఎక్కడా లేకపోతే ఎంఐ ఎ2. పై అంచున ఉంటే నోట్ 6 ప్రో గానీ నోట్ 7 గానీ. మైకు బెజ్జాన్ని చూసి ఇయర్‌ఫోన్‌ది అనుకోవద్దు. మైకుది గుండుసూది దూరేంత, ఇయర్‌ఫోన్‌ది దాని వైరు పిన్ను తల పట్టేంత వెడల్పు. ఛార్జింగ్ బెజ్జం ఆకారాన్ని మాత్రం నమ్మొద్దు, పౌచ్‌లో దాన్ని ఎటూ వెడల్పుగానే కోస్తారు.

మిగిలిన రెంటికీ ఇప్పుడు స్కేలు పనికొస్తుంది. నోట్ 6 ప్రో 157.9 × 76.4 మి.మీ., నోట్ 7 159.2 × 75.2. అంటే ఒకటి పొట్టి, వెడల్పు. ఇంకొకటి పొడుగు, సన్నం. పౌచ్‌ను బల్ల మీద బోర్లించకుండా వెల్లకిలా పెట్టి, సాగదీయకుండా, లోపలి గోడ నుంచి గోడకు కొలవండి. బయటి నుంచి కొలిస్తే రెండు గోడల మందం కలిసి లెక్క తప్పుతుంది. నోట్ 7 అని తేలితే అదే పౌచ్ 7ఎస్‌కూ 7 ప్రోకూ సరిపోతుంది, మూడింటి బాడీ ఒకటే.

ఎవరికైనా ఇచ్చే ముందు ఫోన్‌కు తొడిగి రెండు చూడండి. చీకట్లో ఫ్లాష్‌తో ఒక ఫొటో తీస్తే తెల్లగా పొగమంచు కమ్మినట్టు వచ్చిందంటే బెజ్జం అంచు ఫ్లాష్‌కు అడ్డమొచ్చి వెలుతురు లెన్సులోకి తిరుగుతోంది. ఇక పవర్ బటన్ మీది ఉబ్బు ఒకటి రెండు మి.మీ. జరిగినా బటన్ నొక్కుకుపోయి ఫోన్ తనంతట తానే రీస్టార్ట్ అవుతుంటుంది. అట్లాంటిది బెజ్జాలన్నీ కలిసినట్టు కనిపించినా ఆ ఫోన్‌ది కాదు, పక్కన పెట్టేయండి.