బీఓక్యూలో రాయని పనికి డబ్బు ఎవరిది?

ప్రశ్న: జనగామ దగ్గర మేస్త్రీ పని చేస్తున్నాను. ఇన్నాళ్లూ కూలీ కాంట్రాక్టే. మొదటిసారి మెటీరియల్‌తో సహా పని వచ్చింది. రెండు గదుల క్లినిక్, బయటి కొలత 10 మీటర్లు × 6 మీటర్లు. ఇంజినీరు బీఓక్యూ, అంటే చేయాల్సిన పనులు, వాటి కొలతలు రాసిన పట్టిక, దానితో డ్రాయింగ్ ఇచ్చారు. మొత్తం పనికి ఒకే ధర చెప్పమన్నారు. బీఓక్యూ ప్రకారం ఖర్చు 10,40,000 వచ్చింది, 10 శాతం లాభం కలిపి 11,44,000 చెబుదామనుకుంటున్నా. అడ్వాన్స్ లక్ష ఇస్తారు, స్లాబ్ పడ్డాక మొదటి బిల్లు. మధ్యలో తిప్పుకోవడానికి మా ఆవిడ బంగారం పెట్టి 3 లక్షలు తేవాలి. తేవచ్చా? కాగితాలన్నీ పంపుతున్నాను.

జవాబు: ఇప్పుడే తేవద్దు. అప్పు గురించి మాట్లాడేముందు ఆ 10,40,000 సరైన అంకేనా అన్నది తేలాలి. మీరు పంపిన కాగితాలు రెండు రాత్రులు కూర్చుని చూశాను. మీ కూడికల్లో తప్పు లేదు. బీఓక్యూలోనే కొన్ని పనులు లేవు.

మొదట ఒప్పందం సంగతి. ఐటెమ్ రేటు మీద, అంటే ఒక్కో పనిని కొలిచి డబ్బిచ్చే పద్ధతిలో పని అయితే, బీఓక్యూలో లేని పని చేసినప్పుడు అది ఎక్స్‌ట్రా ఐటెమ్ అవుతుంది, కొలిచి డబ్బు అడగవచ్చు. మీది అలా కాదు. మొత్తానికి ఒకే ధర అంటున్నారు, పైగా ఇంజినీరు కాగితం చివరి పేజీలో ‘డ్రాయింగ్ ప్రకారం పని పూర్తిచేసి అప్పగించాలి’ అని ఉంది. డ్రాయింగ్‌లో ఉండి బీఓక్యూలో లేనిది ఏదైనా సరే మీ జేబులోంచే కట్టాలని దానర్థం. కాబట్టి మీరు ధర కట్టాల్సింది డ్రాయింగ్‌కి. బీఓక్యూ అందుకు ఒక సాయం మాత్రమే.

మా నాన్నగారు చిన్న చిన్న బిల్డింగ్ పనులు పట్టేవారు. ధర వేసే ముందు రోజు రాత్రి డ్రాయింగ్ పరిచి, బీఓక్యూలో ఒక్కో ఐటెమ్ చదువుతూ, ఆ ఐటెమ్ డ్రాయింగ్‌లో ఎక్కడుందో అక్కడ రంగు పెన్సిల్‌తో పూసేవారు. ఇటుక పనికి ఎరుపు, కాంక్రీటుకి పచ్చ, ప్లాస్టరింగ్‌కి నీలం. అన్ని ఐటెమ్‌లూ అయ్యాక కాగితం మీద తెల్లగా మిగిలిన చోట్లు ఏవో చూసేవారు. మీ డ్రాయింగ్‌కి నేను అదే చేశాను. పిట్టగోడ తెల్లగా మిగిలింది.

ఇటుక పని ఐటెమ్‌లో పిట్టగోడ కలిసే ఉందేమో అన్న అనుమానం మీకు రావచ్చు. అది తేల్చడం తేలికే. బీఓక్యూలో 230 మి.మీ. గోడ 20 క్యూబిక్ మీటర్లు అని ఉంది. దాన్ని మందంతో, అంటే 0.23తో భాగిస్తే 87 చదరపు మీటర్ల గోడ. ఇప్పుడు డ్రాయింగ్ చూడండి. బయటి గోడలు మధ్య గీత మీద 31.1 మీటర్లు, అడ్డగోడ 5.5 మీటర్లు, మొత్తం 36.6. బీమ్ కింద ఎత్తు 2.7 మీటర్లు. గుణిస్తే 99. మూడు తలుపులు, నాలుగు కిటికీల ఖాళీ 12 తీసేస్తే 87. (పిల్లర్ల చోటు తీయలేదు, తీసినా ఒక క్యూబిక్ మీటరు తేడా.) రెండు అంకెలూ గదుల గోడల దగ్గరే సరిపోయాయి. స్లాబ్ మీద 750 మి.మీ. ఎత్తున చుట్టూ కట్టాల్సిన సగం ఇటుక మందం పిట్టగోడకి ఒక్క ఇటుక కూడా మిగల్లేదు. అది 23 చదరపు మీటర్ల గోడ.

ఒక పని తప్పిపోతే దాని వెనక వచ్చే పనులూ తప్పిపోతాయి. పిట్టగోడ లేదు కాబట్టి దాని ప్లాస్టరింగూ లేదు, రంగూ లేదు. అందుకే నేను బయటి ప్లాస్టరింగ్ ఐటెమ్ విడిగా తిరగేశాను. 76 చదరపు మీటర్లని ఉంది. ఆ 76 ఎలా వచ్చిందో వెనక్కి లెక్కేశాను: బయటి చుట్టుకొలత 32 మీటర్లు, ఎత్తు 2.7, అంటే 86, అందులోంచి బయటి తలుపులు, కిటికీల 10 తీసేశారు. అంటే కొలిచినవారు ఇటుక కనపడినంత ఎత్తే తీసుకున్నారు. కానీ ప్లాస్టర్ బీమ్‌కి చేయాలి, స్లాబ్ అంచుకి చేయాలి, కింద 600 మి.మీ. బేస్‌మెంట్‌కి చేయాలి. అసలు ఎత్తు 3.725 మీటర్లు. ఆ తేడా ఒక్కటే 33 చదరపు మీటర్లు. పిట్టగోడకి లోపల, బయట, పైన కలిపి 51. మొత్తం 84 చదరపు మీటర్లు బీఓక్యూలో లేవు. రాసినదానికంటే రాయనిది ఎక్కువ. రంగు ఐటెమ్‌లో కూడా అదే 76 దించేశారు, కాబట్టి అక్కడా అదే 84 లోటు.

తర్వాతిది మట్టి పని, ఇది చూడ్డానికి ఉన్నట్టే ఉంటుంది. ఐటెమ్ 3లో ‘తవ్విన మట్టితో నింపడం, 15 క్యూబిక్ మీటర్లు’ అని ఉంది. బేస్‌మెంట్ నింపుడు కూడా ఇదేననుకుని మీరు దాటేశారు. ఆరు పిల్లర్ల గుంతలు ఒక్కోటి 1.5 × 1.5 × 1.5 చొప్పున తవ్వితే 20 క్యూబిక్ మీటర్లు వస్తుంది. అందులో ఫుటింగ్, పిల్లరు, కింద బెడ్ కాంక్రీటు కలిసి సుమారు 5 ఆక్రమిస్తాయి. మిగతా 15 ఆ గుంతల్లోకే తిరిగి వెళ్తుంది. అంటే ఆ ఐటెమ్ గుంతలు పూడ్చడానికే సరి. గదుల లోపల ఫ్లోరింగ్ కింద 450 మి.మీ. మొరం నింపి దిమ్మిసతో కొట్టాలి కదా. లోపలి వైశాల్యం 51.6 చదరపు మీటర్లు, కొట్టాక 23 క్యూబిక్ మీటర్లు నిలవాలి. వదులు మొరం కొడితే దిగుతుంది కాబట్టి 28 దాకా తెప్పించుకోవాలి. యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు, అంటే 2.83 క్యూబిక్ మీటర్లు. ఆ లెక్కన 10 యూనిట్ల మొరం. గుంతలు తవ్వగా మిగిలే ఆ 5 క్యూబిక్ మీటర్ల మట్టి మొరం అయితే వాడుకోవచ్చు. నల్లరేగడి అయితే ఫ్లోరింగ్ కింద వేయకండి, తడికి ఉబ్బి, ఎండకి కుంగి టైల్స్ లేచిపోతాయి.

ఇక అన్నిటికంటే పెద్దది ఒక్క మాటలో దాగి ఉంది. కాంక్రీటు ఐటెమ్ వివరణ నాలుగు లైన్లుంది. చివర ‘స్టీలు, సెంట్రింగ్ ఖర్చు మినహా’ అని రాశారు. స్టీలుకి కింద వేరే ఐటెమ్ ఉంది. కాంక్రీటు గట్టిపడేదాకా కింద నిలబెట్టే సెంట్రింగ్‌కి లేదు. మీ రేటు విడదీసి చూస్తే సిమెంటు, ఇసుక, కంకర, మిక్సర్, కూలీ ఉన్నాయి. మీరు వివరణ ప్రకారమే వేశారు, అందులో మీ తప్పు లేదు. కానీ స్లాబ్ గాల్లో నిలబడదు. స్లాబ్ కింద 52, బీమ్‌ల అడుగు, పక్కలు 34, కలిపి 86 చదరపు మీటర్ల సెంట్రింగ్ మీరు సొంతంగా కట్టాల్సి వచ్చేది. వివరణలో ‘మినహా’ అని ఎక్కడ కనపడితే అక్కడ వేలు పెట్టి, ఆ మినహాయించింది ఏ నంబరు ఐటెమ్‌లో ఉందో దొరికేదాకా కిందికి దిగండి.

డ్రాయింగ్ పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న నోట్స్ కూడా చదవండి. అక్కడే స్లాబ్ పైన వాటర్‌ప్రూఫింగ్, నీళ్లు జారే వాలు వేయాలని ఉంది. బీఓక్యూలో లేదు. 56 చదరపు మీటర్లు.

వీటిని డబ్బులోకి మార్చుదాం. మీ రేట్ల కాగితంలో ఉన్నవాటికి మీ రేటే వాడాను. లేనివాటికి నేను వేసింది అంచనా, మీ ఊళ్లో అడిగి సరిచేసుకోండి. మొరం నింపడం 23 క్యూబిక్ మీటర్లు, కొట్టడంతో కలిపి 900 చొప్పున 20,700. సెంట్రింగ్ 86కి 550 చొప్పున 47,300. పిట్టగోడ ఇటుక పని 21,000. బయటి ప్లాస్టర్ 84కి 450 చొప్పున 37,800, దాని రంగు 130 చొప్పున 10,920. స్లాబ్ మీద పని 56కి 600 చొప్పున 33,600. మొత్తం 1,71,320 రూపాయలు.

మీరు వేసుకున్న లాభం 1,04,000. అది పోగా ఇంకో 67,320 మీరు ఇంట్లోంచి తెచ్చి పెట్టాలి. నాలుగు నెలలు ఎండలో నిలబడి కష్టపడినందుకు మీకు మిగిలేది అది.

బంగారం విషయంలో నాకు భయం వేసింది కూడా ఇక్కడే. తప్పిపోయిన పనుల్లో మొరం, సెంట్రింగ్ రెండూ స్లాబ్‌కి ముందే వస్తాయి. అంటే మొదటి బిల్లు చేతికి రాకముందే, లెక్కలో లేని 68,000 మీ 3 లక్షల్లోంచి ఖర్చయిపోతుంది. అప్పుడు స్టీలుకో సిమెంటుకో తక్కువ పడుతుంది. పని ఆగకూడదని నెలకి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తారు. నా దగ్గరికి వచ్చిన చిన్న కాంట్రాక్టర్లలో అప్పుల్లో పడినవారిని అడిగితే, చాలామంది కథ సగంలో ఆగిన స్లాబ్ దగ్గరే మొదలైంది.

మరి ఏం చేయాలి? ఈ 1,71,320 మీద లాభం వేసి 11,44,000కి చప్పుడు లేకుండా కలిపేస్తే 13,32,000 దాటుతుంది. ఆ పనులు చూడని వేరే మేస్త్రీ 11 లక్షలకి చెబుతాడు, పని ఆయనకి పోతుంది, ఆయన మునుగుతాడు. అందుకని వాటిని దాచకండి. ధర చెప్పే ముందు ఇంజినీరుగారికి ఒక కాగితం ఇవ్వండి. ‘సార్, డ్రాయింగ్‌లో పిట్టగోడ ఉంది, బీఓక్యూలో కనపడలేదు. ఐటెమ్ 3 గుంతలు పూడ్చడానికేనా, గదుల్లో మొరం కూడా కలిపారా? సెంట్రింగ్ ఏ ఐటెమ్‌లో వేశారు?’ ఇలా ఒక్కోటి, పేజీ నంబరుతో. తప్పు పట్టినట్టు కాకుండా అడిగినట్టు రాయండి. నోటిమాటగా ‘చూసుకుందాంలే’ అంటే సరిపోదు, జవాబు ఆ కాగితం మీదే రాయించుకోండి. వాట్సాప్‌లో వచ్చినా పర్లేదు, చెరపకండి.

జవాబు రాకపోతే కొటేషన్ రెండు భాగాలుగా ఇవ్వండి. మొదటిది బీఓక్యూ ప్రకారం 11,44,000. దాని కిందే, అదే పేజీలో, ‘పై ధరలో చేరని పనులు’ అని పేరు, కొలత, రేటు రాసి ఆరు పనులూ పెట్టండి. క్లినిక్ యజమానికి కూడా ఇది మేలే. ఎవరి ధరలో ఏముందో, ఏం లేదో ఆయనకి తెలుస్తుంది. ఆ పేజీ మీద ఆయన సంతకం లేకుండా ముగ్గు పోయకండి.

సంతకం అయ్యాక మళ్లీ రాయండి. అప్పటికి సెంట్రింగ్, మొరం కలిసిన ధర మీద అడ్వాన్స్ లక్షన్నర అడిగి చూడండి, బేస్‌మెంట్ ఎత్తులో వేసే ప్లింత్ బీమ్ దగ్గర ఒక చిన్న బిల్లు పెట్టించుకోండి. ఆ రెండూ ఒప్పుకుంటే 3 లక్షల అవసరం ఉండదు. నా లెక్కన లక్షన్నర సరిపోతుంది, బంగారంలో సగం ఇంట్లోనే ఉంటుంది.