డ్రాఫ్ట్ ఆర్డర్‌లో టైపు తప్పులు దిద్దేటప్పుడు ఎక్కడ ఆగాలి?

ప్రశ్న: అనంతపురం జిల్లాలో ఒక సివిల్ కోర్టులో కొత్తగా చేరాను. జడ్జిగారు డిక్టేట్ చేసిన ఆర్డర్లు టైపు అయ్యాక తప్పులు చూడమని నాకు ఇస్తున్నారు. స్పెల్లింగ్ సరే, వాక్యం అర్థమే తేడాగా అనిపిస్తే నేను మార్చవచ్చా?

జవాబు: మార్చకూడదండీ. నేను కడప వైపు కోర్టుల్లో స్టెనోగా చాలా ఏళ్లు పనిచేశాను. ఆర్డర్ చివర మనం టైపు చేసే వాక్యం గుర్తుచేసుకోండి: స్టెనోగ్రాఫర్‌కు డిక్టేట్ చేయగా, అతను టైపు చేయగా, నేను సరిదిద్ది ఓపెన్ కోర్టులో ప్రకటించాను అని జడ్జిగారు అంటారు. దిద్దుబాటు ఆయన పేరు మీద ఉంది. రికార్డు చూపించి ‘ఇదిగో, ఇక్కడ ఇలా ఉంది’ అనగలిగినదే మనం దిద్దాలి. ఆలోచించి తేల్చాల్సి వచ్చిందంటే అది మన పని కాదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను చేసిన తప్పు చెబుతాను. పొలం మీద తాత్కాలిక ఇంజంక్షన్ కోరుతూ వేసిన ఐ.ఎ. అది. పిటిషనర్ తన స్వాధీనానికి రుజువుగా అడంగల్ కాపీలు పెట్టాడు. డ్రాఫ్టులో ఒకచోట ‘ఫసలీ 1428 అడంగల్‌లో అనుభవదారుగా రెస్పాండెంట్ పేరు ఉంది’ అని వచ్చింది. పిటిషనర్ దాఖలు చేసిన కాగితంలో రెస్పాండెంట్ పేరెలా ఉంటుంది, టైపిస్టు పొరపాటేలే అనుకుని ‘పిటిషనర్’ అని మార్చేశాను. తర్వాతి పేరాలో జడ్జిగారు, ఆ ఒక్క ఏడాది ఎంట్రీతో రెస్పాండెంట్‌కు స్వాధీనం ఉన్నట్టు కాదు, మిగతా ఏళ్లన్నీ పిటిషనర్ పేరే ఉంది అని కారణం చెప్పారు. నా దిద్దుబాటుతో ఆ పేరాకు ఆధారమే లేకుండా పోయింది. సంతకానికి ముందు చదువుతూ ఆయన ఆగి, ‘ఈ మాట నేను చెప్పలేదే’ అన్నారు. అడంగల్ తీసి చూస్తే అనుభవదారు కాలమ్‌లో రెస్పాండెంట్ పేరే ఉంది. షార్ట్‌హ్యాండ్ నోట్సులోనూ అదే ఉంది. రెండూ నా టేబుల్ మీదే ఉన్నా నేను తెరవలేదు.

అప్పటి నుంచి అనుమానం వచ్చిన చోట పెన్సిల్‌తో మార్జిన్‌లో చిన్న గీత పెట్టి, విడి చీటీ మీద ఇలా రాస్తాను: ‘పేరా 9, మూడో లైను, రెస్పాండెంట్. నోట్సులో ఇలాగే ఉంది. దయచేసి చూడగలరు.’ ఏ మాట ఉండాలో మాత్రం రాయను. రాస్తే చదివేవారి మనసు అటే పోతుంది.

అంకెల సంగతి వేరు. అక్కడ చాలావరకు మనమే తేల్చవచ్చు, కానీ ఒక మెలిక ఉంది. ఇంకో కేసులో షెడ్యూలు ఆస్తి రెండు సర్వే నంబర్లలో ఉంది. డ్రాఫ్టులో ఒకటి 1 ఎకరా 80 సెంట్లు, రెండోది 1 ఎకరా 58 సెంట్లు, మొత్తం 3 ఎకరాల 65 సెంట్లు అని పడింది. ఎకరాకు వంద సెంట్లు కాబట్టి కూడితే 3.38 వస్తుంది, 3.65 రాదు. పిటిషన్ షెడ్యూలు చూస్తే రెండోది 1.85. టైపులో 85 తిరగబడి 58 అయింది. షెడ్యూలులో కనిపిస్తోంది, కూడిక కూడా కుదిరింది కాబట్టి దిద్దేశాం.

మెలిక ఏమిటంటే, టైపిస్టు Ctrl+H కొట్టి డ్రాఫ్టు మొత్తంలో 1.58ని 1.85గా మార్చబోయాడు. నేను ఆపాను. ఏడో పేరాలో కూడా 1.58 ఉంది, అది తప్పు కాదు. పిటిషనర్ కొన్న రిజిస్టరు దస్తావేజులోనే 1.58 అని ఉంది. షెడ్యూలుకూ దస్తావేజుకూ ఉన్న ఆ తేడా గురించే జడ్జిగారు ఆ పేరాలో రాశారు. ఒక్క మీట నొక్కి ఉంటే ఆయన వాదమంతా మాయమయ్యేది. అందుకే ఒక్కో చోటు వెతికి, ఆ వాక్యం ఏ కాగితం గురించి మాట్లాడుతోందో ఆ కాగితంతోనే పోల్చాలి.

పోల్చడానికి ఇద్దరు కావాలి. ఒకరు నోట్సు పైకి చదవాలి, రెండోవారు డ్రాఫ్టు మీద వేలు పెట్టి చూడాలి. సర్వే నంబరును ‘రెండు, ఒకటి, నాలుగు’ అని విడివిడిగా పలకాలి. 214, 241 మనసులో చదివితే ఒకేలా జారిపోతాయి. ఫసలీకి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఏడాది వస్తుంది. 1428 అంటే 2018 జూలై నుంచి. పక్కన వేరే ఏడాది పడి ఉంటే అడంగల్ తీసి చూడండి. చివరి ఆదేశం పేరాను మాత్రం రెండుసార్లు చదవండి. ‘నాట్’ కాస్తా ‘నౌ’ అయినా స్పెల్‌చెక్ పట్టుకోదు, రెండూ సరైన మాటలే కదా.

ఇదంతా సంతకం కాకముందు చేయాల్సిన పని. సంతకమయ్యాక అక్షరం మారాలన్నా కోర్టే మార్చాలి. సివిల్‌లో అయితే సి.పి.సి. సెక్షన్ 152 కింద, అదీ క్లరికల్ లేదా లెక్క తప్పులు, పొరపాటున జారినవి, వదిలేసినవి మాత్రమే. క్రిమినల్ వైపు బి.ఎన్.ఎస్.ఎస్. సెక్షన్ 403, పాత సి.ఆర్.పి.సి.లో 362. అప్పుడు టైపిస్టు గానీ మీరు గానీ ఫైలులోని కాగితం మీద పెన్ను పెట్టకూడదు. తప్పు కనిపిస్తే ఆ పేజీ, లైను రాసి సూపరింటెండెంట్ ద్వారా జడ్జిగారికి పంపండి.