థైరాయిడ్ తగ్గితే బ్లీడింగ్ ఎక్కువ, పెరిగితే తక్కువ: ఎందుకిలా?

ప్రశ్న: వయసు 34, బరువు 60 కిలోలు. ఏడాదిగా నెలసరి నలభై ఐదు, అరవై రోజులకోసారి వస్తోంది. వచ్చాక పది పన్నెండు రోజులు ఆగదు, గడ్డలు కూడా పడుతున్నాయి. టెస్టుల్లో టీఎస్‌హెచ్ 38, హిమోగ్లోబిన్ 9.2 వచ్చాయి. థైరాయిడ్ మాత్ర 100, ఐరన్ మాత్ర రాశారు. రెండూ పొద్దున్నే పరగడుపున కలిపి వేసుకుంటున్నాను. ఆరు వారాలకి టీఎస్‌హెచ్ 19కి దిగింది కానీ ఈసారి పీరియడ్ ముందుకన్నా ఎక్కువైంది. మా అక్కకి థైరాయిడ్ ఎక్కువ, తనకి రెండు రోజులు మరకల్లా కనిపించి ఆగిపోతుంది. ఇద్దరిదీ థైరాయిడే అయినప్పుడు ఇంత తేడా ఏంటి? నా మందు పనిచేయట్లేదా?

జవాబు:

మందు పనిచేస్తోంది. కాకపోతే మీరు మింగుతున్నదంతా ఒంటికి పట్టడం లేదు, అందుకు కారణం చాలావరకు ఆ పక్కనే మింగుతున్న ఐరన్ మాత్ర. దాని సంగతి కాస్త ఆగి చెప్తాను. ముందు బ్లీడింగ్ ఎందుకిలా అవుతోందో తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది.

అంతా సవ్యంగా ఉన్న నెలలో మొదటి సగం ఈస్ట్రోజన్ గర్భాశయం లోపలి పొరను మందంగా పెంచుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ వచ్చి, ఆ పెరుగుదలను ఆపి పొరను గట్టిపరుస్తుంది. దాదాపు రెండు వారాలకి ప్రొజెస్టిరాన్ పడిపోగానే పొర మొత్తం ఒక్కసారిగా ఊడి వచ్చేస్తుంది. అందుకే పీరియడ్ చెప్పిన రోజుకి వచ్చి, నాలుగైదు రోజుల్లో ముగుస్తుంది.

థైరాయిడ్ హార్మోన్ తగ్గితే మెదడు దాన్ని పెంచమని గట్టిగా సంకేతాలు పంపుతుంది. మీ టీఎస్‌హెచ్ 38కి ఎక్కింది అందుకే. అయితే ఆ సంకేతం టీఎస్‌హెచ్‌తో ఆగదు, ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ని కూడా పెంచగలదు. పాలిచ్చే తల్లులకి కొన్నాళ్లు నెలసరి రాకుండా చేసేది ఈ ప్రొలాక్టినే. అది పెరిగితే అండం విడుదలకి కావాల్సిన ఆదేశాలు మందగిస్తాయి. అండం విడుదల కాని నెలలో ప్రొజెస్టిరాన్ రాదు, ఈస్ట్రోజన్ మాత్రం పని ఆపదు. పొర వారాల తరబడి పెరుగుతూ పోయి, చివరికి తన బరువు తానే మోయలేక ఒకరోజు ఇక్కడ కొంచెం, మరోరోజు అక్కడ కొంచెం ఊడుతుంది. మొత్తం ఒకేసారి ఊడదు కాబట్టి బ్లీడింగ్ ఆగదు. అంటే ఆలస్యంగా రావడం, వచ్చాక ఆగకపోవడం మీ విషయంలో రెండు సమస్యలు కావు. ఒకే సమస్యకి ముందు భాగం, వెనక భాగం.

దీనికి తోడు ఇంకోటి ఉంది, చాలామంది దీన్ని పట్టించుకోరు. థైరాయిడ్ బాగా తక్కువగా ఉన్నప్పుడు రక్తం గడ్డకట్టడానికి అవసరమైన కొన్ని ప్రోటీన్లు, ముఖ్యంగా వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్, ఫ్యాక్టర్ 8 తగ్గవచ్చు. పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం రావడం, చిన్న దెబ్బకే ఒళ్లు కమిలిపోవడం ఈ మధ్యే మొదలైతే ఆ మాట డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. పన్ను పీకించుకునే ముందు, ఏదైనా ఆపరేషన్ ముందు కూడా చెప్పాలి. నొప్పికి ఆస్పిరిన్ లాంటివి సొంతంగా వేసుకోవద్దు. థైరాయిడ్ సరైతే ఈ లోపం కూడా తగ్గుతుంది. తగ్గకపోతే అది పుట్టుకతో ఉన్నదేమో చూడాలి.

మీ అక్కగారి విషయంలో ఇదంతా తలకిందులు. థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే కాలేయం సెక్స్ హార్మోన్లను పట్టి ఉంచే ప్రోటీన్‌ని ఎక్కువగా తయారు చేస్తుంది. దాంతో ఒంట్లో ఈస్ట్రోజన్ మొత్తం పెరిగినట్టు కనిపించినా, అందులో ఎక్కువ భాగం ఆ ప్రోటీన్‌కే అతుక్కుని ఉంటుంది. గడ్డకట్టించే ఫ్యాక్టర్లేమో పెరుగుతాయి. పైగా బరువు తగ్గడం అండాశయాల మీద ఇంకో దెబ్బ. ఫలితంగా నెలసరి పలచబడుతుంది, మధ్యలో ఎడం పెరుగుతుంది, జబ్బు ముదిరితే కొన్ని నెలలు పూర్తిగా ఆగిపోవచ్చు. అయినా చాలామందిలో అండం విడుదలవుతూనే ఉంటుంది, మరకలే కదా అని గర్భం రాదనుకోవడం పొరపాటు. తను థైరాయిడ్ తగ్గించే మందు వాడుతుంటే ఒక గుర్తు చెప్పండి: రెండు రోజుల మరకలు కాస్తా ఒక్కసారిగా వారం రోజుల భారీ బ్లీడింగ్‌గా మారితే, మందు మోతాదు మించి థైరాయిడ్ అటువైపు పడిపోయిందేమో అని, రక్తంలో థైరాయిడ్ హార్మోన్ ఎంతుందో చెప్పే ఫ్రీ టీ4 చూపించుకోవాలి. టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే చాలదు. చికిత్స మొదలైన కొన్ని నెలల వరకూ అది కిందే ఉండిపోయి తప్పుదారి పట్టిస్తుంది.

ఇప్పుడు మీ మాత్రల లెక్క. థైరాయిడ్ హార్మోన్ పూర్తిగా బయట నుంచే అందాల్సిన వాళ్లకి మోతాదు కిలో బరువుకి దాదాపు 1.6 మైక్రోగ్రాములు. మీ 60 కిలోలకి 96, అంటే 100 మాత్ర సరిగ్గా సరిపోవాలి. సరైన మోతాదు సరిగ్గా ఒంటబడితే ఆరు వారాల్లో 38 నుంచి 19 దగ్గరే ఆగడం కొంచెం వింతే. ఐరన్ కడుపులో మీ థైరాయిడ్ మాత్రలోని మందు లెవోథైరాక్సిన్‌ని అంటిపెట్టుకుని, పేగులు పీల్చుకోలేని ముద్దగా మార్చేస్తుంది. కాల్షియం, గ్యాస్‌కి వేసుకునే యాంటాసిడ్లు చేసేదీ ఇదే. మా ఓపీలో ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే, రాసిచ్చినవాళ్లు కూడా చాలాసార్లు వేళలు చెప్పరు.

థైరాయిడ్ మాత్ర లేవగానే మామూలు నీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట వరకు ఏమీ తినకండి, కాఫీ టీలు కూడా తాగకండి. ఐరన్ కనీసం నాలుగు గంటల తర్వాత, అంటే మధ్యాహ్నమో సాయంత్రమో వేసుకోండి. పొద్దున కుదరకపోతే రాత్రి తిన్న మూడు గంటలకి థైరాయిడ్ మాత్ర వేసుకోవచ్చు. ఏదో ఒక వేళ ఎంచుకుని దానికే కట్టుబడండి.

రిపోర్ట్‌లో 19 చూసి మోతాదు 125కో 150కో పెంచుదామని ఎవరైనా అంటే, రెండు మాత్రలూ కలిపి వేసుకున్న సంగతి ముందు చెప్పండి. ఎందుకంటే ఐరన్ అడ్డుండగా మోతాదు పెంచితే ఈ రోజుకి అంకె బాగుంటుంది. కొన్ని నెలలకి ఐరన్ కోర్సు అయిపోగానే అదే 150 మొత్తం రక్తంలోకి చేరుతుంది. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి, నెలసరి మీ అక్కలా పలచబడుతుంది.

వేళలు మార్చిన రోజు నుంచి ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్లీ టీఎస్‌హెచ్ చేయించండి. అంతకన్నా ముందు చేయించి లాభం లేదు. ఈ హార్మోన్‌లో సగం తగ్గడానికే ఒంట్లో వారం పడుతుంది, అంతా ఒక స్థిరానికి రావడానికి నెలన్నర. ఫ్రీ టీ4 కూడా చూస్తున్నట్టయితే ఆ పొద్దున రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోండి. జుట్టుకీ గోళ్లకీ బయోటిన్ మాత్రలు వాడుతుంటే రెండు రోజుల ముందే ఆపాలి. కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో బయోటిన్ వల్ల టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది, అది చూసి మోతాదు తగ్గించేస్తారు.

ఈసారి బ్లీడింగ్ పెరగడానికి మందుని తప్పుపట్టక్కర్లేదు. ఈ నెల ఊడిన పొర మందు మొదలుపెట్టకముందు నుంచీ పేరుకుంటున్నదే. టీఎస్‌హెచ్ మామూలు స్థాయికి వచ్చాక కూడా అండం సక్రమంగా విడుదలై, పొర పద్ధతిగా ఊడడానికి సాధారణంగా రెండు మూడు నెలసరులు పడుతుంది. ఆ లోపు రక్తం పోతూనే ఉంటే ఊరికే ఓర్చుకోవాల్సిన పని లేదు. పీరియడ్ రోజుల్లో మాత్రమే వేసుకునే, బ్లీడింగ్ తగ్గించే ట్రానెక్సమిక్ యాసిడ్, లేదా కొన్నాళ్లు ప్రొజెస్టిరాన్ మాత్రలు ఇవ్వవచ్చా అని గైనకాలజిస్ట్‌ని అడగండి. గతంలో కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టి ఉంటే ఆ మాట ముందే చెప్పాలి. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు ఇస్తే లెవోథైరాక్సిన్ అవసరం పెరగవచ్చు, ఆరు నుంచి ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ మళ్లీ చూడాలి.

డాక్టర్‌కి "ఎక్కువగా అవుతోంది" అంటే ఏమీ తెలియదు, ఒక్క నెల లెక్క రాసి పట్టుకెళ్లండి. ఏ రోజు మొదలైంది, ఏ రోజు ఆగింది, రోజుకి పూర్తిగా తడిసిన ప్యాడ్లు ఎన్ని, రాత్రి లేచి మార్చాల్సి వచ్చిందా, రెండున్నర సెంటీమీటర్లు దాటిన గడ్డలు పడ్డాయా. నెలసరి మధ్య ఎడం 24 నుంచి 38 రోజులు, బ్లీడింగ్ ఎనిమిది రోజుల లోపు ఉంటే మామూలే. ఒంట్లో ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్ టెస్టు చేయించకపోతే అది కూడా అడగండి. హిమోగ్లోబిన్ ముందే కోలుకుంటుంది, నిల్వలు నిండడానికి ఇంకో మూడు నెలలైనా ఐరన్ కావాలి. 12 దాటిందని ఆపేస్తే రెండు భారీ పీరియడ్లకే మళ్లీ మొదటికి వస్తారు.

ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. టీఎస్‌హెచ్ 38 ఉన్నప్పుడు ఇంత గందరగోళానికి థైరాయిడ్‌ని అనుమానించడం న్యాయమే. కానీ 5, 6 చూసి కూడా "అంతా థైరాయిడే" అనేసేవాళ్లున్నారు. అంత చిన్న తేడా భారీ బ్లీడింగ్‌కి కారణం కావడం అరుదు. మీకు కూడా టీఎస్‌హెచ్ మూడు నెలలు మామూలుగా ఉన్నాక బ్లీడింగ్ ఇలాగే ఉంటే ఇంకో కారణం వెతకాలి. స్కాన్‌లో ఫైబ్రాయిడ్లు, పాలిప్‌లు, గర్భాశయం లోపలి పొర దాని గోడలోకి చొచ్చుకుపోయే అడినోమయోసిస్ ఉన్నాయేమో చూడాలి. నెలసరి దూరమవుతూనే ఉంటే పీసీఓఎస్, ప్రొలాక్టిన్ చూడాలి. ఇలా ఏళ్ల తరబడి అండం విడుదల కాకుండా పొర పెరుగుతూ ఉన్నవాళ్లకీ, 45 దాటినవాళ్లకీ ఆ పొర ముక్క తీసి పరీక్ష చేయడం కూడా అవసరమవుతుంది.

నెలసరి ఆలస్యమైన ప్రతిసారీ ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి. మందు పట్టడం మొదలయ్యాక అండం ఎప్పుడు విడుదలవుతుందో చెప్పలేం, పీరియడ్ సరిగ్గా రాకముందే గర్భం వచ్చేయొచ్చు. పాజిటివ్ వస్తే ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చేయండి. గర్భం వస్తే హార్మోన్ అవసరం మొదటి వారాల్లోనే పెరుగుతుంది, సాధారణంగా వారానికి రెండు మాత్రలు అదనంగా వేసుకోమంటారు. మీ అక్కగారికి ఇది మరీ ముఖ్యం. థైరాయిడ్ తగ్గించడానికి వాడే కార్బిమజోల్ గర్భం తొలి వారాల్లో బిడ్డకి లోపాలు తేగలదు, అలాగని మందు సొంతంగా ఆపినా ప్రమాదమే. పిల్లలు కావాలనుకుంటే ముందే డాక్టర్‌తో మాట్లాడి మందు మార్పించుకోవాలి.

గంటకో ప్యాడ్ పూర్తిగా తడుస్తూ వరసగా రెండు గంటలు దాటినా, లేస్తే కళ్లు తిరిగినా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. మీ 9.2 మీద ఇంకో భారీ రోజు పడితే ఎక్కువ వెసులుబాటు ఉండదు.