టెక్ సందేహాలు: మూడు రోజుల్లో ఏ బ్రౌజర్లు చూడాలి?

*"సార్, మాది అనంతపురం. ఒక కోచింగ్ సెంటర్‌కు ఆన్‌లైన్ అప్లికేషన్ ఫారం తయారు చేశాను. పిల్లలు బ్రాంచి ఎంచుకుని, ఫోటో, మార్కుల మెమో అప్‌లోడ్ చేసి, చివర్లో రసీదు తీసుకోవాలి. సోమవారం ఓపెన్ చేయాలి. మూడు రోజులే ఉంది, నేనొక్కడినే. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ, ఒపేరా, శాంసంగ్... వీటిలో ఏవి చూడాలి, ఏ వెర్షన్లు చూడాలి? పోయిన ఏడాది ఫారం సర్వర్ లాగ్ నా దగ్గర ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది."*

ముందు పేర్లు వదిలేసి ఇంజిన్లు లెక్కపెట్టండి. క్రోమ్, ఎడ్జ్, ఒపేరా, బ్రేవ్, శాంసంగ్ ఇంటర్నెట్, వీటన్నిటి లోపల ఉన్నది ఒకటే, బ్లింక్. ఫైర్‌ఫాక్స్‌ది గెకో. సఫారీది వెబ్‌కిట్. మన దేశంలో ఐఫోన్‌లో క్రోమ్ వేసుకున్నా, ఫైర్‌ఫాక్స్ వేసుకున్నా లోపల పనిచేసేది వెబ్‌కిట్టే. కాబట్టి మీరు రాసిన ఆరు పేర్లు నిజానికి మూడు ఇంజిన్లు. క్రోమ్‌లో బాగా నడిచిన ఫారాన్ని మళ్లీ ఎడ్జ్‌లోనూ ఒపేరాలోనూ మొదటి నుంచి నింపి చూడటం ఈ మూడు రోజుల్లో మీరు పెట్టుకోకూడని ఖర్చు.

అసలు చిక్కు వెర్షన్లతోనే. కొత్త వెర్షన్ దానంతట అదే వస్తుంది, దాన్ని ఎలాగూ చూస్తారు. మీరు వెతకాల్సింది ఇక ముందుకు కదలలేక ఆగిపోయిన వెర్షన్‌ను. విండోస్ 7 ఉన్న కంప్యూటర్‌లో క్రోమ్ 109 దగ్గర ఆగిపోయింది. ఆండ్రాయిడ్ 8, 9 ఫోన్లలో 138 దగ్గర ఆగింది. ఐఫోన్‌లో సఫారీ ఐఓఎస్‌తో పాటే వస్తుంది కాబట్టి, ఐఫోన్ 7 వాడే వాళ్లు ఐఓఎస్ 15 దాటి రాలేరు. పాత ఆండ్రాయిడ్ ఫోన్ల గురించే అందరూ భయపడతారు గానీ, ఈ లెక్క చూస్తే వాటికంటే వెనకబడి ఉన్నది నెట్ సెంటర్‌లోని పాత కంప్యూటర్. కళ్యాణదుర్గం నుంచో ఉరవకొండ నుంచో వచ్చిన తండ్రి పిల్ల మెమో స్కాన్ చేయించి, అక్కడే కూర్చుని ఫారం నింపించేది ఆ కంప్యూటర్‌లోనే.

ఇవి మీ ఫారానికి నిజంగా వస్తున్నాయా లేదా అన్నది మీ లాగ్ చెబుతుంది. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఫారం పంపిన వాళ్లను మాత్రమే లెక్కపెట్టి, 'పాత వెర్షన్ వాళ్లు ఎవరూ లేరు' అనుకుంటారు. ఫారం పనిచేయక వెనక్కి వెళ్లిపోయిన వాళ్లు పంపిన వాళ్ల లెక్కలో ఎలా కనబడతారు? అందుకే పేజీ తెరిచిన వాళ్లను, పంపిన వాళ్లను విడివిడిగా లెక్కపెట్టి పక్కపక్కన పెట్టండి:

```
grep -E "GET /apply[ ?]" access.log | grep -o "Chrome/[0-9]*" | sort | uniq -c
grep "POST /apply" access.log | grep -o "Chrome/[0-9]*" | sort | uniq -c
```

`/apply` ఉన్నచోట మీ పేజీ అడ్రస్ పెట్టుకోండి. ఉదాహరణకు, ఆ సమయంలోని కొత్త క్రోమ్‌లో 400 సార్లు తెరిస్తే 210 ఫారాలు వచ్చాయనుకుందాం. అంటే సగం పైనే. అదే 109లో 60 సార్లు తెరిచి 4 ఫారాలే వచ్చాయనుకోండి. ఆ 60 చిన్న సంఖ్య అని వదిలేయకండి. సగం లెక్కన 30 రావాల్సిన చోట 4 వచ్చాయి. అక్కడ ఏదో విరిగింది. అయితే, ఆ 60లో మనుషులు కాని బాట్లు కూడా ఉండొచ్చు. అవే ఐపీల నుంచి మీ సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ ఫైళ్లకు కూడా రిక్వెస్టులు వచ్చాయేమో చూడండి. నిజమైన బ్రౌజర్ వాటిని కూడా తెచ్చుకుంటుంది, చాలా బాట్లు పేజీ ఒక్కటే తీసుకుని పోతాయి.

లాగ్‌లో ఆండ్రాయిడ్ వెర్షన్ చూసి మాత్రం లెక్క వేయకండి. 2023 నుంచి క్రోమ్ ఏ ఫోన్‌లో ఉన్నా `Android 10; K` అనే చెబుతోంది. క్రోమ్ నంబరు మాత్రం నిజమే చెబుతుంది, దాన్నే నమ్మండి. శాంసంగ్ ఇంటర్నెట్ కూడా తన లోపలి క్రోమ్ నంబరు ఇస్తుంది కాబట్టి అదీ ఈ లెక్కలోకే వచ్చేస్తుంది. ఐఫోన్‌కు పై కమాండ్లలో `Chrome/[0-9]*` బదులు `iPhone OS [0-9]*` పెట్టి చూడండి.

ఇప్పుడు 109లో ఏం విరిగి ఉంటుందో చూద్దాం. బ్రాంచీల పేర్లను వరసలో పెట్టడానికి కోడ్‌లో ఇలా రాశారనుకోండి:

```js
const list = branches.toSorted();
```

`toSorted` క్రోమ్‌కు వచ్చింది 110లో. 109లో ఆ లైన్ దగ్గరే స్క్రిప్ట్ ఆగిపోతుంది. తెర మీద ఎర్రగా ఏమీ రాదు. బ్రాంచి లిస్టు ఖాళీగా ఉంటుంది, బ్రాంచి ఎంచుకోనిదే ఫారం పోదు. నెట్ సెంటర్ అబ్బాయి 'సర్వర్ డౌన్' అని చెప్పి పంపించేస్తాడు. అదే కంప్యూటర్‌లో ఎఫ్12 నొక్కి కన్సోల్ చూస్తే `branches.toSorted is not a function` అని రాసి ఉంటుంది. మార్చడానికి నిమిషం పట్టదు:

```js
const list = [...branches].sort();
```

వీట్ లాంటి బిల్డ్ టూల్ వాడుతున్నాను, అదే చూసుకుంటుంది అనుకోవద్దు. అది కొత్త సింటాక్స్‌ను పాతదిగా మారుస్తుంది, బ్రౌజర్‌లో లేని ఫంక్షన్‌ను తెచ్చి పెట్టదు.

ఐఫోన్‌లో ఇంకో రకం. ఫోన్ నంబరు సరిచూసే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో ఎక్కడైనా `(?<=` ఉంటే, సఫారీ 16.4 కంటే పాతవాటికి అది అర్థం కాదు. అది సింటాక్స్ తప్పు కాబట్టి ఆ ఫైలు మొత్తం నడవదు. ఫోటో ఎంచుకోవడం బ్రౌజర్ సొంత పని కాబట్టి అది జరుగుతూనే ఉంటుంది. మీ స్క్రిప్ట్ చేయాల్సిన పని ఒక్కటీ జరగదు. ఈ గుర్తు కనబడితే కారణం ఇలాంటిదే. మీ కోడ్‌లో ఆ నాలుగు అక్షరాలను ఇప్పుడే వెతికి చూడండి.

క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో ఐఫోన్ ఎంచుకుని చూశాను, చాలు అనుకోవడం మరో పొరపాటు. అక్కడ మారేవి తెర సైజు, టచ్, బ్రౌజర్ చెప్పుకునే పేరు లాంటివే. లోపల బ్లింకే ఉంటుంది. విండోస్ మీద ప్లేరైట్ అనే టెస్టింగ్ టూల్‌తో వెబ్‌కిట్ నడుపుకోవచ్చు, లేఅవుట్ తప్పులు పట్టడానికి పనికొస్తుంది. కానీ అది కొత్త వెబ్‌కిట్. పాత ఐఓఎస్ తప్పులు అందులో దొరకవు, ఫోన్ కెమెరాతో మెమో తీసి పంపడం ఎలా ఉంటుందో కూడా తెలియదు. ఒక గంట ఎవరిదైనా ఐఫోన్ అడిగి తీసుకోండి, పాతదైతే మరీ మంచిది.

మీ మూడు రోజులు నేనైతే ఇలా వాడతాను. మొదటి రోజు అంతా తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్‌లో, మొబైల్ డేటా మీద, బ్రాంచి నుంచి రసీదు దాకా, తప్పుడు ఫైలు పెట్టడం, మధ్యలో వెనక్కి వెళ్లడం కూడా కలిపి. రెండో రోజు ఉదయం ఐఫోన్. మధ్యాహ్నం సప్తగిరి సర్కిల్ వైపు వెళ్లి, పాత కంప్యూటర్లున్న నెట్ సెంటర్ ఒకటి చూసుకుని గంట కూర్చోండి. `chrome://version` టైప్ చేస్తే ఎంత పాతదో తెలుస్తుంది. ఈ రెండు చోట్లా ఒక ఫారం మొదటి నుంచి రసీదు వచ్చేదాకా పూర్తిచేస్తే చాలు, తప్పులు పెట్టి పరీక్షించే పని మొదటి రోజే అయిపోయింది. ఫైర్‌ఫాక్స్‌కు పావుగంట ఇవ్వండి.

కోచింగ్ సెంటర్ వాళ్లు లింకు ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతారేమో అడగండి. ఆ యాప్‌లోనే తెరుచుకునే పేజీ మామూలు క్రోమ్ కాదు. ఆండ్రాయిడ్‌లో అక్కడ `window.print()` పనిచేయదు. మీ రసీదు దాని మీదే ఆధారపడి ఉంటే, పిల్లవాడు ఫీజు కట్టి కూడా రసీదు లేకుండా మిగిలిపోతాడు. రసీదును సర్వర్‌లో తయారు చేసి, మామూలు లింకుగా ఇచ్చి, అదే లింకును ఎస్ఎంఎస్‌లో కూడా పంపండి.

మూడో రోజు కొత్తగా ఏ బ్రౌజరూ తెరవకండి. దొరికిన తప్పులు సరిచేసి, సరిచేసినవాటినే ఆ మూడు చోట్లా మళ్లీ చూడండి. సోమవారం రాత్రి పై రెండు కమాండ్లు కొత్త లాగ్ మీద నడపండి. తెరిచిన లెక్కకు, పంపిన లెక్కకు ఏ వెర్షన్ దగ్గర మరీ తేడా కనబడితే, మంగళవారం ఉదయం ముందు దాని దగ్గరికి వెళ్లండి.