సింకింగ్ ఫండ్: 12తో భాగించాక చూడాల్సిన ఇంకో అంకె

ప్రశ్న: ఇన్సూరెన్స్, స్కూల్ ఫీజులు, పండుగ షాపింగ్ లాంటి ఏడాది ఖర్చుల కోసం పోయినేడాది బ్యాంకు స్టేట్‌మెంట్ ముందేసుకుని అన్నీ కలిపాను. 12తో భాగించి ఆ మొత్తాన్ని ప్రతి నెలా సింకింగ్ ఫండ్ అని వేరే ఖాతాలో వేస్తున్నాను. ఒక్క నెల కూడా మానలేదు. అయినా ఫీజు కట్టే టైముకి డబ్బు చాలలేదు. లెక్క ఎక్కడ తప్పింది?

జవాబు:

మీ భాగహారంలో తప్పేమీ లేదండి. కాకపోతే అది నెలకి ఎంత వేయాలో చెప్పి ఊరుకుంటుంది. మీరు ఏ నెలలో మొదలుపెట్టారు, పెద్ద బిల్లు ఎన్నాళ్లకి వచ్చి పడుతుంది అన్నది ఆ లెక్కలో ఎక్కడా లేదు. మొదలుపెట్టిన మూడో నెలలోనే ఫీజు వస్తే అప్పటికి ఖాతాలో పడేది మూడు వాయిదాలే కదా.

మా ఇంట్లో కొన్నేళ్లుగా ఈ ఫండ్ నడుస్తోంది. మా లెక్కనే కాస్త సరళంగా చెబుతాను. నెల జీతాన్ని 100 అనుకోండి, మిగతావన్నీ ఆ కొలతలోనే. మొదలుపెట్టిన నెలని ఒకటో నెల అందాం. రెండో నెలలో హెల్త్ ఇన్సూరెన్స్ 24, మూడో నెలలో మొదటి టర్మ్ ఫీజు 60, ఏడో నెలలో బండి ఇన్సూరెన్స్ 12, తొమ్మిదో నెలలో రెండో టర్మ్ ఫీజు 48, పదో నెలలో పండుగ 36. మొత్తం 180, అంటే నెలకి 15.

ఇప్పుడు నెల నెలా 15 వేస్తూ, బిల్లు వచ్చిన నెలలో తీసేస్తూ వెళ్లండి. మొదటి నెల చివర 15. రెండో నెల 30 అయ్యి, అందులో 24 పోగా 6. మూడో నెలలో 21 ఉంటే ఫీజు 60, అంటే మైనస్ 39. ఆ తర్వాత మెల్లగా కోలుకుని ఎనిమిదో నెలకి 24 దాకా వస్తుంది. ఫీజు, పండుగ వెంట వెంటనే పడటంతో పదో నెలలో మళ్లీ మైనస్ 30. పన్నెండో నెల చివరికి సరిగ్గా సున్నా. ఏడాది మొత్తం మీద లెక్క సరిపోయింది, మధ్యలో మాత్రం రెండు చోట్ల చేతులెత్తేసింది.

మీకు కావాల్సిన రెండో అంకె ఇక్కడే ఉంది. ఈ పన్నెండు నిల్వల్లో అన్నిటికన్నా కిందకి దిగింది ఏదో చూడండి. మా లెక్కలో అది మైనస్ 39. కాబట్టి మొదటి రోజే ఖాతాలో 39 ఉండాలి, దానిపైన నెలకి 15 చొప్పున వేయాలి. అప్పుడు మూడో నెలలో ఫీజు కట్టాక నిల్వ సున్నాకి వస్తుంది కానీ కిందకి పోదు. పదో నెలలో 9 మిగులుతుంది. స్ప్రెడ్‌షీట్‌లో చేస్తే ఐదు నిమిషాల పని: రెండో వరుస నుంచి A కాలమ్‌లో నెల, Bలో ఆ నెల బిల్లు, E1లో నెలవారీ మొత్తం పెట్టి,

```
C2:  =$E$1-B2
C3:  =C2+$E$1-B3
E2:  =-MIN(0,C2:C13)
```

C3లోని ఫార్ములాని C13 దాకా కిందకి లాగండి. E2లో వచ్చేదే మొదట్లో ఉండాల్సిన సొమ్ము.

అంత డబ్బు ఒకేసారి తీయలేకపోతే ఇంకో దారి ఉంది. నిల్వ అట్టడుగుకి వెళ్లిన నెల అయిపోగానే, అంటే మా లెక్కలో నాలుగో నెలలో మొదలుపెట్టండి. అవే బిల్లులు, అదే 15. బండి ఇన్సూరెన్స్ కట్టాక 48, రెండో టర్మ్ ఫీజు తర్వాత 30, పండుగ తర్వాత 9, మళ్లీ మొదటి టర్మ్ ఫీజు వచ్చేసరికి సరిగ్గా 60. ముందుగా పైసా పెట్టకుండానే ఏడాదంతా నెట్టుకొచ్చేస్తుంది. ఈ ఏడాది ఫీజు ఇప్పటికే కట్టేశారు కాబట్టి, మీకు కూడా ఇదే సరైన సమయం కావచ్చు. పై పట్టికలో మీ నెలలు వేసి చూస్తే తెలిసిపోతుంది. ఆ రెండూ కుదరకపోతే పెద్ద బిల్లు దాకా ఎక్కువ వేయక తప్పదు. మా లెక్కలో మొదటి మూడు నెలలూ 15కి బదులు 28 వేయాలి.

నెలవారీ సొమ్ము ఏ తేదీన వేస్తున్నారో కూడా చూసుకోండి. ఫీజు గడువు నెల మొదట్లో ఉండి, మీ జీతం ఆ తర్వాత పడుతుంటే ఆ నెల వాయిదా ఫీజుకి అందదు. అలాంటి బిల్లుని పట్టికలో ముందు నెలలోకి జరపండి. మా లెక్కలో ఫీజు ఒక్కటి అలా జరిగితే చాలు, మైనస్ 39 కాస్తా మైనస్ 54 అయిపోతుంది. సరిగ్గా ఒక వాయిదా తేడా.

ఇక స్టేట్‌మెంట్ చదవడం. అంకెలు తేడా కొట్టేది ఎక్కువగా ఇక్కడే. నేనైతే ఏడాది లావాదేవీలన్నీ డౌన్‌లోడ్ చేసి, డబ్బు ఎవరికి వెళ్లిందో ఆ పేరు ప్రకారం సార్ట్ చేస్తాను. పన్నెండు సార్లు కనిపించేవి నెల ఖర్చులు, వాటిని వదిలేయొచ్చు. ఒకటి నుంచి నాలుగు సార్లే కనిపించే పేర్లే మనకి కావాల్సినవి. ఇన్సూరెన్స్ ప్రీమియం చాలాసార్లు కంపెనీ పేరుతో ఉండదు, మధ్యలో ఉన్న పేమెంట్ సంస్థ పేరుతో ఉంటుంది. అందుకని పాలసీ కాగితంలోని మొత్తాన్ని పట్టుకుని వెతకడం తేలిక.

ఫీజు, ప్రీమియం ఒక్క దెబ్బలో పోతాయి కాబట్టి దొరికిపోతాయి. పండుగ ఖర్చు అలా కాదు, నాలుగైదు వారాల పాటు చిన్న చిన్న ముక్కలుగా చెదిరి ఉంటుంది. పైన 36 అన్నాను కదా, అది ఒక్కచోట కనిపించిన అంకె కాదు. ఖాతా స్టేట్‌మెంట్‌లో నేరుగా కనబడింది 4 మాత్రమే. కార్డు మీద కొన్నవి 23, ఇవి ఖాతాలో మరుసటి నెల ‘కార్డు బిల్లు’ అని ఒకే గీతలో కలిసిపోయి ఉన్నాయి. దానికి కార్డు స్టేట్‌మెంట్ వేరుగా తీయాల్సిందే. అయితే కార్డు బిల్లునీ, అందులోని వస్తువులనీ రెండు చోట్లా కూడేయకండి. అందులో సైజు సరిపోక వెనక్కి పంపిన బట్టల డబ్బు 3 తిరిగి వచ్చింది, అది తీసేస్తే 20. మిగిలింది నగదు. మామూలు నెలల్లో ఏటీఎం నుంచి సుమారు 10 తీసేవాళ్లం, పండుగ నెలలో 22 తీశాం. దేనికి ఖర్చయిందో ఎవరికీ గుర్తులేదు కానీ, ఆ తేడా 12 పండుగదే. 4, 20, 12 కలిపితే 36. ఖాతా స్టేట్‌మెంట్ ఒక్కటే చూసుంటే పండుగకి 4 అని రాసుకునేవాళ్లం.

పండుగ తేదీలతో ఇంకో చిక్కు ఉంది. చాంద్రమాన సంవత్సరం 354 రోజులే కాబట్టి ఆ లెక్కన వచ్చే పండుగ మరుసటి ఏడాది పది పదకొండు రోజులు ముందుకొస్తుంది, అధిక మాసం కలిస్తే వెనక్కి వెళ్తుంది. సరిగ్గా పన్నెండు నెలల స్టేట్‌మెంట్ తీస్తే అందులో ఒకే పండుగ రెండుసార్లు పడొచ్చు, అసలు పడకపోనూ వచ్చు. పద్నాలుగు నెలలది తీసి, ఒక్కో పండుగనీ ఒక్కసారే లెక్కలోకి తీసుకోండి. పట్టికలో మాత్రం రాబోయే ఏడాది తేదీ ప్రకారం పెట్టాలి, అది ఒక నెల ముందుకి జరిగి ఫీజు నెలలోనే పడొచ్చు.

పోయినేడాది అంకెల్ని అలాగే వాడకూడదని అందరికీ తెలుసు. కానీ అన్నిటి మీదా ఒకే శాతం వేసేయడం నాకు నచ్చదు. ఫీజు విషయంలో స్కూలు కొత్త ఫీజుల కాగితం ఇస్తే అదే వాడతాను, ఇవ్వకపోతే రెండేళ్ల కిందటి బిల్లుతో పోల్చి ఎంత పెరిగిందో అంతే పెంపు వేస్తాను. హెల్త్ ఇన్సూరెన్స్ కొన్నేళ్లు కదలకుండా ఉండి, వయసు తర్వాతి శ్లాబులోకి వెళ్లగానే ఒక్కసారిగా ఎగబాకవచ్చు, కాబట్టి రెన్యువల్ నోటీసు చూడందే దాన్ని నమ్మను. పండుగకి పెంపు వేయను, అది మన చేతిలో ఉన్న ఖర్చు. ఫీజులకి 10 శాతం చొప్పున కలిపి, హెల్త్ ఇన్సూరెన్స్‌ని 24 నుంచి 27 చేశాక మా మొత్తం 180 నుంచి దాదాపు 194 అయింది. నెలకి 16.2 వస్తే 16.5 చేసుకున్నాం. మొదట్లో ఉండాల్సిన సొమ్ము కూడా మారుతుంది, పట్టికలో కొత్త అంకెలు వేస్తే 39కి బదులు 43.5 వచ్చింది. చాలామంది నెలవారీ మొత్తాన్ని పెంచి ఈ రెండో అంకెని పాతదే ఉంచేస్తారు.

నడుస్తున్నప్పుడు ఖాతాలో డబ్బు ఉందా లేదా అని చూడటం కన్నా, పట్టికలో ఈ నెలకి ఎంత ఉండాలో అంత ఉందా అని చూడండి. ఏడాది చివర్లో మా ఆయన ఖాతా చూసి, “బిల్లులన్నీ అయిపోయాయిగా, ఇంకా 39 మిగిలింది, వాడేసుకుందామా?” అన్నారు. పట్టిక తెరిచి మూడో నెల చూపించాను. ఆ 39 లేకపోతే మళ్లీ అదే గొయ్యి. ఒకవేళ నిల్వ పట్టిక కన్నా తక్కువగా ఉంటే, ఏదో బిల్లు అంచనాని మించింది లేదా పట్టికలో లేనిది ఏదో ఇందులోంచి పోయింది. ఏ నెల నుంచి తేడా మొదలైందో చూస్తే అదేమిటో ఇట్టే దొరుకుతుంది.

ఒక్క ఏడాది స్టేట్‌మెంట్‌లో ఎంత వెతికినా కనిపించనివి కూడా ఉంటాయి. మూడేళ్లకి ఒకేసారి కట్టిన బండి పాలసీ, టైర్లు, పిల్లలు స్కూలు మారినప్పుడు కట్టే అడ్మిషన్ ఫీజు లాంటివి. వాటిని విడిగా రాసుకుని, ఇంకా ఎన్ని నెలలుందో దానితో భాగించి పైన కలపండి. పాలసీకి ఇంకా 20 నెలలుండి ప్రీమియం 30 అయితే నెలకి 1.5.