సన్మాన సభలో పరిచయ పత్రం: చదివేవారి బాధ్యత ఎంత?

ప్రశ్న: మా హైస్కూలు పూర్వ విద్యార్థుల సంఘం తరఫున, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గారికి సన్మానం చేస్తున్నాం. పరిచయం చదివే పని నాకు అప్పగించారు. కొన్ని వివరాలు నెట్‌లో దొరికాయి, మిగతావి మేడమ్ గారి మేనల్లుడు వాట్సాప్‌లో పంపాడు. భర్త వదిలేసి వెళ్లడం, ఆవిడ క్యాన్సర్ నుంచి కోలుకోవడం, దత్తత తెచ్చుకున్న కూతురు, లంచం ఇవ్వలేదని ఆనాటి డీఈఓ మారుమూలకు బదిలీ చేయడం, అన్నీ రాశాడు. అన్నీ ఆవిడ గొప్పతనం చెప్పేవే. యూట్యూబ్‌లో లైవ్ కూడా ఇస్తున్నాం. చట్టపరంగా ఇబ్బందేమైనా ఉందా? ముఖ్య అతిథి పద్మశ్రీ గ్రహీత. ఆయన పరిచయమూ నేనే చదవాలి. – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ కాగితంలో అన్నిటికంటే ప్రమాదకరమైన వాక్యం మేడమ్ గారి గురించినది కాదు, ఆ డీఈఓ గురించినది. ముందు దాన్ని కొట్టేయండి. పేరు రాయలేదు కదా అనుకోవద్దు. ఏ జిల్లా, ఏ సంవత్సరం అన్నది చెబితే ఆ కుర్చీలో అప్పుడు ఎవరున్నారో సభకు వచ్చిన పాత టీచర్లందరికీ తెలుస్తుంది. గుర్తు పట్టగలిగితే చాలు, పేరు అక్కర్లేదు.

భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద, ఒకరి పరువు పోయేలా నోటిమాటతో ఆరోపణ చేసినా అది పరువు నష్టం నేరమే. 2024 జులై 1కి ముందు ఇది ఐపీసీ 499, 500 సెక్షన్లలో ఉండేది. శిక్ష రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజ సేవ. 'రాసింది మేనల్లుడు, నేను చదివానంతే' అన్న మాట మిమ్మల్ని కాపాడదు. ఆరోపణ చేసినవారితో పాటు దాన్ని జనంలోకి తీసుకెళ్లినవారూ ఆ సెక్షన్ కిందికి వస్తారు. చేతిలో ఉన్న కాగితం ముందే చూసుకుని మైకులో చదివినవారు, అందులో ఏముందో తెలియదని చెప్పలేరు.

'నిజమే కదా' అన్నదీ క్రిమినల్ కేసులో పూర్తి జవాబు కాదు. అది నిజమని, ప్రజాహితం కోసమే చెప్పామని రెండూ మీరే చూపించాలి. ఎప్పుడో ఇద్దరి మధ్య జరిగిన లంచం మాటకు ఇప్పుడు సాక్ష్యం ఎక్కడి నుంచి తెస్తారు? సివిల్ దావాలో నిజం ఒక్కటే సరిపోతుంది కానీ, దాన్ని రుజువు చేసే భారం అక్కడా మీదే. ఆయన సివిల్ కోర్టుకు వెళ్లడానికి ఏడాది, క్రిమినల్ ఫిర్యాదుకు మూడేళ్లు గడువు ఉంటుంది. కాబట్టి సభ ముగిసిన ఆర్నెల్లకు నోటీసు వచ్చినా ఆశ్చర్యం లేదు. ఆయన చనిపోయి ఉన్నా ఈ సెక్షన్ వర్తించే అవకాశం ఉంది. బతికుంటే ఆయన పరువుకు భంగం కలిగించే మాటై, కుటుంబ సభ్యుల మనసు నొప్పించే ఉద్దేశంతో అన్నదైతే అది కూడా పరువు నష్టమే. ఆ వాక్యం స్థానంలో 'మారుమూల పాఠశాలకు బదిలీ అయినా అక్కడా పదో తరగతి పిల్లలకు సాయంత్రం క్లాసులు తీసుకున్నారు' అని రాయండి. ఆవిడ గొప్పతనం ఏమీ తగ్గదు.

ఇక ఆవిడ సొంత విషయాలు. 'పొగుడుతున్నాం కదా' అన్న వాదన ఇక్కడ నిలవదని సుప్రీంకోర్టు 1994లోనే తేల్చింది. ఆర్. రాజగోపాల్ వర్సెస్ తమిళనాడు ప్రభుత్వం కేసులో, ఒక మనిషి కుటుంబం, పెళ్లి, సంతానం, చదువు వంటి విషయాలను ఆ మనిషి అనుమతి లేకుండా ఎవరూ ప్రచురించకూడదని చెప్పింది. అది నిజమైనా కాకపోయినా, మెచ్చుకుంటూ చెప్పినా విమర్శిస్తూ చెప్పినా ఒకటేనని, నష్టపరిహారం దావాకు దారి తీస్తుందని స్పష్టంగా అంది. కోర్టు రికార్డుల వంటి బహిరంగ పత్రాల్లో ఉన్న విషయాలకు మినహాయింపు ఇచ్చింది. తరువాత 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని ప్రకటించింది.

విడాకుల కేసు నడిచి ఉంటే అది కోర్టు రికార్డే కదా అని మీకు అనిపించవచ్చు. కానీ హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఆ విచారణ రహస్యంగా జరుగుతుంది. కోర్టు ముందస్తు అనుమతితో హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులను వేయడం తప్ప, ఆ కేసుల సంగతులు ప్రచురించడం నిషేధం. పైగా 'భర్త వదిలేసి వెళ్లాడు' అన్నది ఆ భర్త మీద ఆరోపణ కూడా. మేడమ్ గారు ఒప్పుకున్నా ఆయన తరఫున అనుమతి ఇవ్వలేరు. ఆ వాక్యాన్ని కూడా పూర్తిగా తీసేయండి.

క్యాన్సర్ సంగతి చదివినందుకు పోలీసు కేసు అవుతుందని మిమ్మల్ని భయపెట్టను, అలాంటి సెక్షన్ లేదు. కానీ ఆరోగ్యం ఆవిడ సొంత విషయం, చెప్పాలా వద్దా అన్నది ఆవిడ నిర్ణయం. చాలామంది ఆ జబ్బు సంగతి తోబుట్టువులకు కూడా చెప్పరు. మేనల్లుడికి తెలుసు కదా అని, మొత్తం ఊరికి తెలియడానికి ఆవిడ ఒప్పుకున్నట్టు కాదు. దత్తత సంగతికి ఆవిడ అనుమతి ఒక్కటే చాలదు, పెద్దదైన ఆ అమ్మాయి అనుమతి కూడా కావాలి. ఆమె అత్తవారి వైపు ఆ విషయం ఎంతవరకు తెలుసో మీకు తెలియదు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్నీ గుర్తుంచుకోండి. 2025 నవంబరులో దాని నిబంధనలు వచ్చాయి. సమ్మతికి సంబంధించిన ముఖ్య బాధ్యతలు అప్పటి నుంచి 18 నెలలకు అమల్లోకి వస్తాయి. ఇంటి అవసరాలకు వ్యక్తులు వాడుకునే సమాచారానికి దీంట్లో మినహాయింపు ఉంది కానీ, మీది సంఘం, పైగా లైవ్ ప్రసారం. కాబట్టి ఆ మినహాయింపును నమ్ముకోవద్దు. మనిషి తానే బహిరంగంగా పెట్టుకున్న సమాచారానికీ ఈ చట్టం వర్తించదు. అంటే మేడమ్ గారు తన ఫేస్‌బుక్‌లో అందరికీ కనిపించేలా పెట్టినది వేరు, ఎవరో బ్లాగులో రాసినది వేరు. నెట్‌లో దొరికిన ప్రతి వాక్యం పక్కన, అది ఎవరు పెట్టారో పెన్సిల్‌తో రాసుకోండి.

అనుమతి అడిగే పద్ధతిలోనే చాలామంది పొరపాటు చేస్తారు. 'మేడమ్, మీ గురించి నాలుగు మాటలు చెప్తాం' అంటే ఆవిడ 'సరే నాయనా' అంటారు. అది ఈ వివరాలకు అనుమతి కాదు. చదవబోయే పాఠాన్ని ఉన్నది ఉన్నట్టుగా, మేనల్లుడికి కాదు, నేరుగా ఆవిడకే పంపండి. కనీసం నాలుగైదు రోజుల ముందు, ఇలా:

'నమస్కారం మేడమ్. సభలో మీ గురించి చదవబోయే పాఠం ఇది. తప్పులుంటే దిద్దండి, వద్దనుకున్నవి కొట్టేయండి. 5వ వాక్యంలో మీ ఆరోగ్యం, 6లో మీ అమ్మాయి ప్రస్తావన ఉన్నాయి. ఇవి (1) సభలో చదవొచ్చా? (2) యూట్యూబ్ లైవ్‌లో వెళ్లొచ్చా? (3) సావనీర్‌లో వేయొచ్చా? మూడింటికీ విడివిడిగా చెప్పండి. జవాబు రాకపోతే ఆ రెండూ తీసేస్తాం.'

సభలో చెప్పడానికి ఒప్పుకున్నవారు యూట్యూబ్‌కు వద్దనవచ్చు, అందుకే మూడు ప్రశ్నలు. లైవ్‌లో ఒక్క వాక్యం దగ్గర ధ్వని ఆపడం మన చేతిలో ఉండదు కాబట్టి, రెండో ప్రశ్నకు 'వద్దు' అంటే సభలో కూడా చదవకండి. జవాబు స్క్రీన్‌షాట్ దాచండి. ఫోన్‌లో చెబితే, 'ఇందాక మీరు ఇలా అన్నారు' అని ఒక మెసేజ్ పెట్టండి. సభ రోజు ఉదయం మనసు మార్చుకున్నా ఆవిడ మాటే చెల్లుతుంది. అప్పుడు మీ కాగితంలోనే కాదు, యాంకర్ దగ్గరున్న కాపీలో, తెర మీద వేసే స్లయిడ్‌లో, యూట్యూబ్ వివరణలో కూడా తీసేయాలి. ఎక్కువగా జారేది ఈ మిగతా కాపీల్లోంచే. పుట్టిన తేదీ, ఇంటి వీధి చదవనే వద్దు. సంవత్సరం, ఊరు చాలు.

తప్పొప్పుల విషయానికి వస్తే, అవార్డు దగ్గర గట్టిగా చూడండి. జిల్లా స్థాయి, రాష్ట్ర స్థాయి, జాతీయ స్థాయి ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారాలు వేర్వేరు. చేతులు మారేకొద్దీ జిల్లా అవార్డు కాస్తా జాతీయమైపోతుంది. ప్రశంసాపత్రం ఫొటో అడిగి, ఇచ్చిన సంస్థ, సంవత్సరం దాన్నుంచే రాసుకోండి. హోదా కూడా అంతే, ఇన్‌ఛార్జిగా చేసిన కాలాన్ని పూర్తి స్థాయి హెడ్‌మిస్ట్రెస్‌గా చదివితే సభలో ఉన్న సహోద్యోగులే లేచి అంటారు. ఊరి జిల్లా చూసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 26 అయ్యాయి, ఆ తరువాత కూడా మారాయి. ఆవిడది రేపల్లె అయితే 'అప్పటి గుంటూరు జిల్లా, ఇప్పటి బాపట్ల జిల్లా' అనాలి.

పేరు ఇంగ్లీషు అక్షరాల్లో వస్తే ల, ళ తేడా, న, ణ తేడా, దీర్ఘాలు కనబడవు. ఆడవాళ్లకు సర్వీసు రికార్డులో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉండటం మామూలే. శాలువా మీదా, జ్ఞాపిక మీదా ఏది వేయాలో ఆవిడనే అడగాలి. ఆవిడ భర్త సంగతి తెలిసి కూడా అడక్కుండా ఆయన ఇంటిపేరుతో పిలిస్తే, ఆ రోజంతా ఆవిడకు చేదైపోతుంది. పేరు, ఊరు, అమ్మానాన్నల పేర్లు స్వయంగా పలుకుతూ ఒక వాయిస్ మెసేజ్ పెట్టమనండి. దాన్ని విని తెలుగులో రాసుకుని, మళ్లీ పంపి సరి చూపించుకోండి.

ముఖ్య అతిథిని 'పద్మశ్రీ ఫలానా గారు' అని పిలవకండి. బాలాజీ రాఘవన్ కేసులో సుప్రీంకోర్టు, పద్మ పురస్కారాలు బిరుదులు కావని, పేరుకు ముందూ వెనకా తగిలించకూడదని 1995 డిసెంబరులో చెప్పింది. 'ఫలానా సంవత్సరంలో పద్మశ్రీ అందుకున్నారు' అంటే ఏ ఇబ్బందీ లేదు. ఆహ్వాన పత్రికలో, ఫ్లెక్సీలో కూడా అలాగే వేయించండి. పేరు ముందు 'డాక్టర్' ఉంటే అది వైద్యమా, పీహెచ్‌డీనా, గౌరవ డాక్టరేటా కనుక్కోండి. డిగ్రీలిచ్చే అధికారం యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం విశ్వవిద్యాలయాలకు, చట్టం అనుమతించిన సంస్థలకే ఉంది. ఇచ్చిన సంస్థ పేరు చెప్పలేని డాక్టరేట్‌ను పరిచయంలో చేర్చకండి.

ఇంత చూసినా పొరపాటు జరిగితే, అది ఏ రకం పొరపాటో చూసి దిద్దాలి. అవార్డో సంవత్సరమో తప్పు చదివితే, కార్యక్రమం ముగిసేలోపు అదే మైకులో సరిచేయండి. అదే సొంత విషయం ఒకటి నోరు జారితే, మైకులో దాన్ని ఎత్తి క్షమాపణ చెప్పకండి. వినని వాళ్లు కూడా అప్పుడే వింటారు. లైవ్ బాధ్యత చూసుకునే మీ మిత్రుడికి చెప్పి వీడియోను వెంటనే ప్రైవేట్‌లో పెట్టించండి, ఆ భాగం కోసి మళ్లీ ఎక్కించండి, మేడమ్ గారి దగ్గరకు మీరే వెళ్లి విడిగా క్షమాపణ చెప్పండి. వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లిన క్లిప్పులను పంపినవాళ్లు గానీ గ్రూపు అడ్మిన్ గానీ 'అందరికీ' డిలీట్ చేయాలి. దానికీ గడువు ఉంటుంది కాబట్టి, ఆ రాత్రే అడగండి.