స్టాల్ ముందు విదేశీ బయ్యర్ ఆగినప్పుడు మొదటి అర నిమిషం

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. మా మహిళా సంఘం తరఫున గ్రేటర్ నోయిడాలో జరిగే హస్తకళల ఫెయిర్‌లో లేసు స్టాల్ పెడుతున్నాం. నేను తెలుగు మీడియంలో టెన్త్ చదివాను. ఇంగ్లీషు చదవగలను గానీ మాట్లాడాల్సి వస్తే టెన్షన్‌తో గడగడా అనేస్తాను, ఎదుటివాళ్లకు అర్థం కాదు. ఫారిన్ బయ్యర్ వస్తే నన్ను నేను ఎలా పరిచయం చేసుకోవాలి?

జవాబు:

నాది పాలకొల్లు అండి. లేసు ఎగుమతి చేసే ఒక యూనిట్ తరఫున చాలా ఏళ్లుగా ఇలాంటి ఫెయిర్లలో స్టాల్ చూసుకుంటున్నాను. మీరు చెప్పేది ఇండియా ఎక్స్‌పో మార్ట్‌లో ఏడాదికి రెండుసార్లు జరిగే ఐహెచ్‌జీఎఫ్ ఢిల్లీ ఫెయిర్ అయితే, అక్కడికి వచ్చేవాళ్లు ఇంటికి ఒకటో రెండో కొనుక్కునేవాళ్లు కాదు, టోకున ఆర్డర్ ఇచ్చేవాళ్లు. హాలు నిండా స్టాళ్లే కాబట్టి ఒక్కోదాని ముందు కాసేపే ఆగుతారు. ఇంకో సంగతి, వాళ్లలో చాలామందికి ఇంగ్లీషు సొంత భాష కాదు. జపాన్ ఆవిడకైనా స్పెయిన్ ఆయనకైనా అది మీలాగే బడిలో నేర్చుకున్న భాష. పెద్ద వాక్యాలు మాట్లాడితే మీకే కాదు, వాళ్లకీ కష్టమే.

అందుకే నేను మా అమ్మాయిలకు నేర్పే పరిచయం మొత్తం 35 మాటలకు మించదు. మీ పేరు సత్య అనుకుందాం.

హలో. వెల్కమ్.
మై నేమ్ ఈజ్ సత్య.
ఐ యామ్ ఫ్రమ్ సౌత్ ఇండియా. నియర్ ద సీ.
దిస్ ఈజ్ క్రోషే లేస్.
విమెన్ మేక్ ఇట్ ఎట్ హోమ్. బై హ్యాండ్.
కాటన్. నో మెషీన్.
ప్లీజ్ టచ్.
ఫర్ హోమ్? ఆర్ ఫర్ డ్రెస్?

చుక్క పెట్టిన ప్రతి చోటా నోరు మూసి, ఒక ఊపిరి తీసుకుని, అప్పుడు తర్వాతది మొదలుపెట్టండి. నెమ్మదిగా మాట్లాడమంటే చాలామంది మాటల్ని సాగదీస్తారు, మై... నేమ్... ఈజ్... అని. అలా అంటే వినేవాళ్లకు మాటలు విడిపోయి భావం అందదు. చుక్కకీ చుక్కకీ మధ్య మామూలు వేగంతోనే అనండి, చుక్క దగ్గర మాత్రం ఆగండి. వాళ్లు అర్థం చేసుకునేది ఆ ఆగిన క్షణంలోనే. ఇలా చెబితే మొత్తం అర నిమిషం పడుతుంది. పది సెకన్లలో అయిపోయిందంటే మీరు ఆగలేదని లెక్క.

మనవాళ్లు అందరికంటే ఎక్కువ తొందరపడేది ఊరు చెప్పే చోట. బడిలో అడ్రసు వల్లించిన అలవాటుతో ఫ్రమ్ నర్సాపూర్ వెస్ట్ గోదావరి డిస్ట్రిక్ట్ ఆంధ్రప్రదేశ్ అని ఒకే ఊపిరిలో చెప్పేస్తారు. కొత్తవాళ్లకు అందులో ఒక్క ముక్క కూడా చెవికెక్కదు. సౌత్ ఇండియా, సముద్రం పక్కన, మొదటికి అంతే చాలు. స్టాల్ గోడకు ఇండియా మ్యాప్ ఒకటి తగిలించి, వశిష్ఠ గోదావరి అంతర్వేది దగ్గర సముద్రంలో కలిసే చోటుకి కాస్త పైన ఎర్ర చుక్క పెట్టండి. వాళ్లు ఎక్కడ అని అడిగితే ఆ చుక్క మీద వేలు పెట్టి, హియర్. నర్సాపూర్. అనండి. మన లేసుకి 2024లో వచ్చిన జీఐ గుర్తింపు సంగతి కూడా నోటితో చెప్పొద్దు, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఆ మ్యాప్ కిందే అంటించండి. ఆసక్తి ఉన్నవాళ్లు వాళ్లే అడుగుతారు.

పేరు కూడా ఒకటే చెప్పండి. వెంకట నాగ సత్యవతి అని పూర్తిగా చెబితే ఏ ముక్క పెట్టి పిలవాలో వాళ్లకు తెలియదు. బ్యాడ్జి మీద ఏ పేరు పెద్దగా ఉందో నోటితోనూ అదే చెప్పాలి, ఎందుకంటే మీరు పేరు చెప్పగానే వాళ్ల చూపు బ్యాడ్జి మీదికి వెళ్తుంది.

మాట చివర మనకు తెలియకుండానే ఉకారం వచ్చి చేరుతుంది, గమనించండి: లేసు, హోము, హ్యాండు. మనలో మనం అనుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ఆ చివరి అచ్చు వల్ల విదేశీయుల చెవికి అది వేరే మాటలా తోస్తుంది. లేస్, హోమ్, హ్యాండ్ అని హల్లు మీదే ఆపండి. చుక్క దగ్గర నోరు మూయడం అలవాటైతే ఇది కూడా చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది.

చివర్లో పెట్టిన ప్రశ్న ఊరికే పెట్టలేదు. మీకు ఏం కావాలి అని అడిగితే వాళ్లు పెద్ద వాక్యంలో జవాబు చెబుతారు, అది మీకు అందకపోవచ్చు. ఇంటికా, బట్టలకా అని రెండే దారులు చూపిస్తే జవాబు ఒక్క మాటలో వస్తుంది. హోమ్ అంటే టేబుల్ మ్యాట్లు, కుషన్ కవర్ల వైపు నడవండి. డ్రెస్ అంటే కాలర్లు, అంచు లేసులు ఉన్న వైపు.

ఇప్పుడు అసలు చిక్కు సంగతి, అంకెలు. పరిచయం బాగా కుదిరాక బయ్యర్ ఒక గుండ్రటి మ్యాట్ చేతిలోకి తీసుకుని సైజు అడుగుతారు. అది 30 సెంటీమీటర్లది అనుకుందాం. మీరు థర్టీ అంటారు, వాళ్లు థర్టీన్ అని వింటారు. తప్పు ఎవరిదీ కాదు. తెలుగులో మనం అక్షరాలన్నిటినీ దాదాపు ఒకే బరువుతో పలుకుతాం. ఇంగ్లీషు వినేవాళ్లు మాత్రం బరువు ఎక్కడ పడిందో చూసి ఈ రెండింటినీ వేరు చేస్తారు: ముప్పైకి ముందు ముక్క మీద, పదమూడుకి చివరి ముక్క మీద. హాలు రొదలో చివరి నకారం ఎలాగూ వినబడదు. చేతిలో మ్యాట్ ఉంటే సైజు తేడా కంటికి కనిపిస్తుంది కాబట్టి పర్వాలేదు. ధర, రోజులు, డజన్లు కంటికి కనపడవు. మా పక్క స్టాల్ ఆయన నమూనాలకు ఫిఫ్టీ డేస్ అన్నాడు, బయ్యర్ పుస్తకంలో 15 అని రాసుకున్నాడు. ఆ అంకె నా కంటపడి చెప్పాను కాబట్టి సరిపోయింది, లేకపోతే పదహారో రోజున గొడవే.

దీనికి మందు సులువు. అంకెను రెండు రకాలుగా చెప్పండి: థర్టీ. త్రీ, జీరో. వెంటనే క్యాలిక్యులేటర్ మీద కొట్టి చూపించండి, లేదా కాగితం మీద రాయండి. వన్ మినిట్ ప్లీజ్. ఐ విల్ రైట్. అంటే ఎవరూ ఏమీ అనుకోరు, పైగా వాళ్లకూ అదే కావాలి. డబుల్ ఫైవ్, ట్రిపుల్ జీరో లాంటివి వాడొద్దు. లక్ష అసలే వద్దు, చాలామందికి ఆ లెక్క తెలియదు. తేదీకి నెల పేరు రాయండి. 5/4 అని రాస్తే మనకు ఏప్రిల్ 5, అమెరికావాళ్లకు మే 4.

ఇంకొకటి ఉంది, ఇది ఫెయిర్‌కి వెళ్లేదాకా ఎవరూ చెప్పరు. బయ్యర్ లేసుని వెనక్కి తిప్పి చూసి, యూ డోంట్ యూజ్ మెషీన్? అని అడుగుతారు. మనం తెలుగులో ఆలోచించి, అవును వాడం అన్న అర్థంలో యెస్ అంటాం. ఇంగ్లీషులో ఆ యెస్‌కి వాడతాం అనే అర్థం వస్తుంది. జపాన్‌వాళ్లు కూడా ఇలాంటి ప్రశ్నకు మనలాగే అవును అంటారు, కాబట్టి వాళ్లు మన యెస్‌ని ఎలా తీసుకుంటారో ముందే చెప్పలేం. ఇలాంటి చోట యెస్, నో రెండూ వదిలేసి మీ పరిచయంలోని వాక్యాన్నే మళ్లీ చెప్పండి: నో మెషీన్. బై హ్యాండ్. తల అడ్డంగా ఊపుతూ సరే అనే మన అలవాటుని కూడా కాస్త అదుపులో పెట్టుకోండి, చాలా దేశాలవాళ్లకు అది కాదన్నట్టు కనబడుతుంది.

ఎవరైనా సారీ? అని ముఖం ముందుకు వంచితే అర్థం కాలేదని. అప్పుడు మనకు కంగారు పుట్టి గొంతు పెంచుతాం, కొత్త మాటలు కలుపుతాం. రెండూ వద్దు. అదే వాక్యం, అవే మాటలు, ఆగాల్సిన చోట ఇంకాస్త ఎక్కువసేపు ఆగుతూ మరోసారి చెప్పండి. అప్పటికీ అందకపోతే చేత్తో చూపించండి. ఒకరు స్టాల్‌లోనే కూర్చుని సూదితో అల్లుతూ ఉంటే విమెన్ మేక్ ఇట్ అనే వాక్యానికి వేరే వివరణ అక్కర్లేదు. అతుకు పని చూపించగలిగితే ఇంకా మంచిది. విడి పువ్వులు నాలుగు, అతికిన ముక్క ఒకటి పక్కపక్కన పెట్టండి. ఒక్క టేబుల్ క్లాత్‌కి ఎందుకన్ని రోజులు పడుతుందో బయ్యర్‌కి తేలిగ్గా తెలుస్తుంది, ధర గురించి మాట్లాడేటప్పుడు అది మీకు పనికొస్తుంది.

సాధన విషయానికొస్తే, అద్దం ముందు చెప్పుకుంటే పెద్దగా ఉపయోగం ఉండదు. మీ మాట మీకు ఎప్పుడూ అర్థమవుతూనే ఉంటుంది. ఇంట్లో టీవీ సౌండ్ బాగా పెంచి, హైస్కూలు చదివే పిల్లనో పిల్లాడినో గదికి అవతలి గోడ దగ్గర కాగితం, పెన్ను ఇచ్చి కూర్చోబెట్టండి. మీరు పరిచయం చెప్పి, చివర్లో సైజు, డజను ధర, రోజులు అనే మూడు అంకెలు కలపండి. వాళ్లు విన్నది విన్నట్టు రాయాలి. అంకెలు రోజూ మార్చండి, లేకపోతే వాళ్లు గుర్తుపెట్టుకుని రాసేస్తారు. కాగితం మీద ఎక్కడ తప్పు పడిందో ఆ వాక్యాన్నే ఇంకా చిన్న ముక్కలు చేయండి. సంఘంలో ఇద్దరు ముగ్గురు స్టాల్‌కి వస్తుంటే అందరూ ఇవే వాక్యాలు నేర్చుకోవాలి. పొద్దున సత్య చెప్పింది ఒకటి, మధ్యాహ్నం ఇంకొకరు చెప్పేది ఒకటి అయితే మళ్లీ వచ్చిన బయ్యర్‌కి అనుమానం వస్తుంది.

ఓడరేవు దాకా ధర, నెలకు ఎన్ని డజన్లు ఇవ్వగలరు లాంటి ప్రశ్నలకు జవాబు తెలియకపోతే, పాజిబుల్, పాజిబుల్ అనొద్దు. దాన్ని వాళ్లు ఒప్పుకోలు కింద రాసుకుంటారు. ఐ విల్ ఆస్క్. ఐ విల్ ఈమెయిల్ యూ ఆన్ మండే. అనండి. వాళ్ల కార్డు తీసుకుని, వాళ్లు చూస్తుండగానే నోటు పుస్తకంలో అంటించి, పక్కనే వాళ్లు పట్టుకుని చూసిన ముక్క నంబరు, అడిగిన అంకె రాసుకోండి. రాసింది వాళ్లకు చూపించి, ఓకే? అని అడగండి. వాళ్లు అక్కడ పెన్నుతో ఏదైనా దిద్దితే ఆ దిద్దిన అంకే మీ ఈమెయిల్‌లో ఉండాలి.